33తో భాగిస్తే మిగిలేది

కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలకు క్రిప్టోగ్రఫీలో తొలి అసైన్‌మెంట్ ఇచ్చినప్పుడు అందులో రెండు లెక్కలు తరచు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి షిఫ్ట్ సైఫర్, రెండోది ఆర్‌ఎస్‌ఏ. మొదటిదాన్ని జూలియస్ సీజర్ వాడేవాడనీ, ఒక్కో అక్షరాన్ని మూడు స్థానాలు జరిపి ఉత్తరాలు రాసేవాడనీ రోమన్ రచయిత సుయెటోనియస్ చెప్పాడు. రెండోదాన్ని 1977లో అమెరికాలోని ఎంఐటీలో రాన్ రివెస్ట్, ఆది షమీర్, లెనార్డ్ ఏడెల్‌మన్ రూపొందించారు. ఆ ముగ్గురి ఇంటిపేర్లలోని మొదటి అక్షరాలే దాని పేరు. రెండింటికీ మధ్య రెండు వేల ఏళ్ల దూరం ఉన్నా లోపల జరిగే పని ఒకటే. ఒక సంఖ్యను ఇంకో సంఖ్యతో భాగించి, భాగఫలాన్ని వదిలేసి, శేషాన్ని మాత్రం ఉంచుకుంటారు. దీన్నే మాడ్యులర్ అంకగణితం అంటారు.

ఈ శేషాల లెక్క మనం రోజూ చేసేదే. ఇవాళ మంగళవారమైతే పది రోజుల తర్వాత ఏ వారం? పదిలోంచి ఒక ఏడు తీసేస్తే మూడు మిగిలింది కాబట్టి శుక్రవారం అంటాం. వారాలు ఏడే కాబట్టి ఎన్ని రోజులు కలిపినా తిరిగి ఆ ఏడింటిలోకే రావాలి.

షిఫ్ట్ సైఫర్‌లో ఏడు వారాల స్థానంలో 26 ఇంగ్లిష్ అక్షరాలు ఉంటాయి. A కి 0, B కి 1, అలా Z కి 25 అని నంబర్లు వేసుకుంటారు. GUNTUR అనే మాట తీసుకుందాం. దాని నంబర్లు 6, 20, 13, 19, 20, 17. కీ 7 అనుకుంటే ఒక్కోదానికి 7 కలపాలి. G లోని 6 కాస్తా 13 అయ్యి N అవుతుంది. U లోని 20 కి 7 కలిపితే 27 వస్తుంది, 26తో భాగిస్తే మిగిలేది 1, అంటే B. మొత్తం మాట NBUABY అవుతుంది. ఇది అందుకున్నవాళ్లు 7 తీసేస్తే చాలు, GUNTUR తిరిగొస్తుంది.

పిల్లలు తడబడేది ఈ తీసివేత దగ్గరే. B అంటే 1. అందులోంచి 7 తీస్తే -6. అలాంటి నంబరున్న అక్షరం లేదు. 26 కలిపితే 20 వస్తుంది, అదే మన U. కాగితం మీద ఇది సులువే గానీ ప్రోగ్రాం రాసేటప్పుడు ముంచేస్తుంది. సి భాషలో `-6 % 26` అని రాస్తే -6 వస్తుంది, పైథాన్‌లో అదే రాస్తే 20 వస్తుంది. సి లో రాసిన ప్రోగ్రాం కొన్ని అక్షరాలను సరిగ్గా విప్పి, మరికొన్నిటి దగ్గర పిచ్చి గుర్తులు చూపిస్తోందంటే కారణం చాలాసార్లు ఇదే. అసలు తీసివేత జోలికే పోకుండా 19 కలిపినా సరిపోతుంది. 7, 19 కలిస్తే 26, అంటే ఒక చుట్టు పూర్తయి మొదలుపెట్టిన చోటికే వస్తాం.

ఈ సైఫర్‌ను ఛేదించడానికి తెలివితేటలు అక్కర్లేదు. కీగా పనికొచ్చేవి 25 సంఖ్యలే కాబట్టి వరసగా అన్నీ వేసి చూడొచ్చు, అర్థమయ్యే మాట ఒక్క దగ్గరే తేలుతుంది. కానీ దీనికి ఇంకా లోతైన బలహీనత ఒకటుంది. మాటను దాచడానికి 7 వాడారని తెలిస్తే, విప్పడానికి 19 కావాలని ఎవరైనా ఇట్టే చెప్పేస్తారు. కాబట్టి దాచే కీని కూడా రహస్యంగానే ఉంచాలి, ఆ రహస్యాన్ని ముందే అవతలివాళ్లకు ఎలాగోలా చేరవేయాలి. దాచే కీని అందరికీ చెప్పేసి, విప్పే కీని మాత్రం మన దగ్గరే ఉంచుకోగలమా? ఆర్‌ఎస్‌ఏ జవాబిచ్చేది ఈ ప్రశ్నకే.

ఆ జవాబును కూడా కాగితం మీద చూడొచ్చు. రెండు ప్రధాన సంఖ్యలు, 3, 11 తీసుకుందాం. వాటి లబ్ధం 33. దాచే కీ 3 అనుకుందాం. 33, 3 అనే ఈ రెండు సంఖ్యలే పబ్లిక్ కీ, వీటిని గోడ మీద రాసిపెట్టినా ఫర్వాలేదు. ఇప్పుడు కలపడం ఉండదు, ఘాతం వేయాలి. G అంటే 6. ఆరును మూడుసార్లు గుణిస్తే 216, 33తో భాగిస్తే మిగిలేది 18. అలాగే చేసుకుంటూ పోతే GUNTUR కాస్తా 18, 14, 19, 28, 14, 29 అవుతుంది.

విప్పే కీ కోసం ఒక చిన్న లెక్క ఉంది. ప్రధాన సంఖ్యలు ఒక్కోదాంట్లోంచి 1 తీసి గుణించాలి: 2 × 10 = 20. ఇప్పుడు 3ని దేనితో గుణించి 20తో భాగిస్తే 1 మిగులుతుందో వెతకాలి. 3 × 7 = 21, మిగిలేది 1. కాబట్టి విప్పే కీ 7.

ఈ 20 ఎక్కడి నుంచి ఊడిపడింది? విద్యార్థులు ఎక్కువమంది దీన్ని సూత్రంగా బట్టీపట్టి దాటేస్తారు, అసలు అందమంతా ఇక్కడే ఉంది. పదిహేడో శతాబ్దంలో ఫెర్మా గమనించిన సంగతి ఇది: 11తో నిశ్శేషంగా భాగింపబడని ఏ సంఖ్యనైనా పదో ఘాతానికి పెంచి 11తో భాగిస్తే 1 మిగులుతుంది. 2ను పదిసార్లు గుణిస్తే 1024, అది 11 × 93 కంటే సరిగ్గా ఒకటి ఎక్కువ. 3 విషయంలో రెండో ఘాతమే చాలు. పదికీ రెండుకీ కూడా 20 గుణిజం కాబట్టి, 20వ ఘాతం దగ్గర రెండు చోట్లా 1 మిగులుతుంది. ఇరవై గుణకారాలు ఒక పూర్తి చుట్టన్నమాట. ఇరవై ఒకటోసారి గుణిస్తే మొదలుపెట్టిన సంఖ్యే తిరిగొస్తుంది. ముందు మూడో ఘాతం, తర్వాత ఏడో ఘాతం వేస్తే మొత్తం 21వ ఘాతం అయినట్టే. షిఫ్ట్ సైఫర్‌లో 7, 19 కలిసి 26 చుట్టును పూర్తిచేసిన చోట ఇక్కడ 3, 7 గుణించుకుని 20 చుట్టును దాటి ఒక్క అడుగు ముందుకొస్తాయి. 3తోనో 11తోనో భాగింపబడే సంఖ్యలకు కూడా 21వ ఘాతం దగ్గర ఫలితం ఇలాగే ఉంటుంది.

18ని ఏడో ఘాతానికి పెంచి చూద్దాం. నేరుగా గుణిస్తే 61 కోట్లు దాటుతుంది. అంత అవసరం లేదు, అడుగడుగునా శేషం తీసుకుంటూ పోవచ్చు. 18 వర్గం 324, మిగిలేది 27. 27 వర్గం 729, మిగిలేది 3, ఇది నాలుగో ఘాతం. నాలుగు, రెండు, ఒకటి కలిస్తే ఏడు కాబట్టి 3 × 27 × 18 కావాలి. 3 × 27 = 81, మిగిలేది 15. 15 × 18 = 270, మిగిలేది 6. G వచ్చేసింది. వందల అంకెల సంఖ్యలతో కంప్యూటర్ చేసేదీ ఇదే పద్ధతి. పైథాన్‌లో సరిచూసుకోవాలంటే ఇలా:

```
pow(6, 3, 33)     # 18
pow(3, -1, 20)    # 7
pow(18, 7, 33)    # 6
```

దాచే కీని ఇష్టమొచ్చినట్టు ఎంచుకోకూడదు. 3కి బదులు 5 తీసుకున్నామనుకోండి. 5, 20 రెండింటినీ 5 భాగిస్తుంది కాబట్టి ఏ సంఖ్యతో గుణించినా 1 మిగలదు, విప్పే కీ దొరకదు. దాని ఫలితం లెక్కలో కనిపిస్తుంది. 1ని ఐదో ఘాతానికి పెంచితే 1. 4ను పెంచితే 1024, 33తో భాగిస్తే అక్కడా 1 మిగులుతుంది. B, E రెండూ ఒకటే అయిపోయాయి, ఇక విడదీయడం ఎవరివల్లా కాదు.

మన 33ను ఎవరైనా చూడగానే 3, 11గా విడగొట్టేస్తారు, 20 తెలిసిపోతుంది, 7 బయటపడుతుంది. ఆర్‌ఎస్‌ఏ భద్రత ఈ విడగొట్టడంలోని కష్టం మీదే నిలబడింది. 1977లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో మార్టిన్ గార్డ్‌నర్ తన శీర్షికలో 129 అంకెల సంఖ్యతో దాచిన సందేశాన్ని పాఠకులకు సవాలుగా ఇచ్చాడు. ఆ సంఖ్యను 1994లో వందలమంది స్వచ్ఛందంగా తమ కంప్యూటర్లను జతచేసి విడగొట్టారు. 2020లో 250 అంకెల సంఖ్య కూడా లొంగింది. ఇప్పుడు మామూలుగా వాడే 2048 బిట్ల కీలో 617 అంకెలుంటాయి.

అయితే సంఖ్య పెద్దదైతే చాలు, మిగతాదంతా సురక్షితమే అనుకుంటే పొరపాటు. పైన మనం దాచిన మాటను మళ్లీ చూడండి: 18, 14, 19, 28, 14, 29. 14 రెండుసార్లు వచ్చింది, ఎందుకంటే U రెండుసార్లుంది. అక్షరం అక్షరం విడిగా దాచినప్పుడు ప్రతి U ఎప్పుడూ 14 గానే మారుతుంది. పబ్లిక్ కీ అందరి దగ్గరా ఉంది కాబట్టి ఎవరైనా 26 అక్షరాలనూ దాచి ఒక పట్టిక రాసుకుంటే, ఇక 33ను విడగొట్టే పనే ఉండదు, పట్టిక చూసి చదివేయొచ్చు. 617 అంకెల సంఖ్యతో చేసినా అంతే, పట్టికలో అప్పుడూ 26 వరసలే.

మన చిన్న లెక్కలో ఇంకో వింత కూడా ఉంది. KAMALA అనే పేరును 33, 3 తో దాచండి. K అంటే 10, దాని ఘనం 1000, మిగిలేది 10. M అంటే 12, ఘనం 1728, మిగిలేది 12. L దీ అదే కథ, A సున్నా కాబట్టి సున్నాయే. పేరు చెక్కుచెదరకుండా KAMALA గానే బయటికొస్తుంది. 26 అక్షరాల్లో ఎనిమిది, A, B, K, L, M, V, W, X, ఇలా కదలకుండా ఉండిపోతాయి. ఇలా మారని సంఖ్యలు పెద్ద కీల్లోనూ ఉంటాయి, కానీ సరిగ్గా ఎంచుకున్న కీలో అన్ని వందల అంకెల సంఖ్యల మధ్య వాటిలో ఒకటి కాకతాళీయంగా తగలడం దాదాపు జరగని పని. చిన్న సంఖ్యల్లో మాత్రం అవి కళ్లముందే ఉంటాయి.

సంఖ్య పెద్దదయ్యే కొద్దీ ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. దాచే కీ 3 గానే ఉంచి, 617 అంకెల సంఖ్యతో U ని, అంటే 20ని, దాచారనుకోండి. 20 ఘనం 8000. ఆ మహా సంఖ్య ముందు 8000 ఎంత? భాగహారమే జరగదు, శేషమూ 8000 గానే ఉండిపోతుంది. దొంగ చేయాల్సిందల్లా 8000 కు ఘనమూలం కనుక్కోవడమే. చుట్టు తిరగలేదు కాబట్టి దాచడమూ జరగలేదు.

అందుకే వాడకంలో సందేశాన్ని ఉన్నదున్నట్టుగా ఘాతానికి పెంచరు. ముందు దానికి యాదృచ్ఛికంగా ఎంచిన బిట్లు కలిపి, కలగలిపి, మాడ్యులస్ అంత పొడవుకు సాగదీస్తారు. దీన్ని ప్యాడింగ్ అంటారు. మిహిర్ బెల్లారే, ఫిలిప్ రోగవే 1994లో ప్రతిపాదించిన ఓఏఈపీ పద్ధతి ఇలాంటిదే. 33లో దీనికి చోటు లేదు, అందుకే చిన్న అసైన్‌మెంట్‌లో ఇది చేసి చూపించడం కుదరదు. ప్యాడింగ్ ఉన్నప్పుడు ఒకే U ని ఒకే కీతో రెండుసార్లు పంపినా రెండు వేర్వేరు సంఖ్యలు వెళ్తాయి, రెండూ అవతల విప్పితే U గానే వస్తాయి. 26 వరసల పట్టిక రాసుకుని కూర్చున్నవాడికి అందులో వెతకడానికి ఏమీ దొరకదు.