కిలో మందుకు నలభై కిలోల చెత్త

నెదర్లాండ్స్‌లోని ఓసే అండెనో కంపెనీలో 1980 ప్రాంతంలో ఫ్లోరోగ్లూసినాల్ తయారయ్యేది. కడుపునొప్పి మందుల్లో వాడే ఈ పదార్థాన్ని టీఎన్‌టీ నుంచి తీసేవారు. అవును, బాంబుల్లో నింపే టీఎన్‌టీనే. దిగుబడి తొంభై శాతం పైమాటే కాబట్టి, అప్పటి లెక్కల ప్రకారం అది మంచి పద్ధతి. అయినా ఆ తయారీ మూతపడింది. కిలో సరుకు వచ్చేసరికి దాదాపు 40 కిలోల ఘన వ్యర్థం మిగిలేది. దాన్ని వదిలించుకునే ఖర్చు సరుకు ధరను అందుకుంది.

దిగుబడి అంత బాగుంటే ఇంత చెత్త ఎక్కడిది? ముందుగా టీఎన్‌టీని ఫ్యూమింగ్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో పొటాషియం డైక్రోమేట్‌తో ఆక్సీకరిస్తారు. తర్వాత ఇనుపపొడి, హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి నైట్రో గుంపులను అమైన్లుగా మారుస్తారు. చివరికి వేడిచేస్తే అమైన్లు పోయి ఫ్లోరోగ్లూసినాల్ వస్తుంది. సమీకరణం మొత్తం రాస్తే లోపలికి వెళ్లిన అణువుల బరువు 2281. కావలసిన సరుకు బరువు 126. అంటే వేసినదాంట్లో ఐదున్నర శాతమే సరుకులో చేరింది. అమెరికా రసాయన శాస్త్రవేత్త బారీ ట్రోస్ట్ 1991లో ఈ నిష్పత్తినే ‘ఆటమ్ ఎకానమీ’ అన్నారు.

దిగుబడి టీఎన్‌టీ లెక్క మాత్రమే చూస్తుంది. డైక్రోమేట్, ఇనుము, ఆమ్లాలు ఏమయ్యాయో అడగదు. ఇక్కడ కిలో సరుకుకు 9 కిలోల ఐరన్ క్లోరైడ్, 3 కిలోల క్రోమియం సల్ఫేట్ పుట్టక తప్పదు. ఎంత నేర్పుగా చేసినా ఈ చర్య వల్ల నీటితో కలిపి 17 కిలోలు మిగులుతాయి.

మరి 40 ఎలా అయింది? ఆక్సీకారకాన్ని, ఇనుమును అవసరానికి మించి వేశారు. మిగిలిన ఆమ్లాన్ని క్షారంతో చల్లార్చితే ఇంకా లవణాలు పుట్టాయి. ఇవేవీ సమీకరణంలో కనబడవు. అందుకే ఆ కంపెనీలో పనిచేసిన రోజర్ షెల్డన్, తర్వాత 1992లో ‘ఈ ఫాక్టర్’ అనే మరో కొలత ప్రచురించారు. కిలో సరుకుకు నిజంగా బయటపడ్డ వ్యర్థం ఎన్ని కిలోలన్నదే ఆ కొలత. ఆయన లెక్కలో చమురు శుద్ధిలో ఇది 0.1 కంటే తక్కువ, మందుల తయారీలో 25 నుంచి 100, ఒక్కోసారి అంతకు మించి. మందులకు దశలు ఎక్కువ, ప్రతి దశలోనూ ద్రావణులు పోస్తారు.

ఆటమ్ ఎకానమీని ప్రయోగశాలలో అడుగుపెట్టకముందే లెక్కగట్టవచ్చు. నాకు దాని విలువ అందులోనే కనిపిస్తుంది. ఇదే మార్గంలో ఇనుము బదులు ఉత్ప్రేరకంతో హైడ్రోజన్ వాడామనుకుందాం. ఐరన్ క్లోరైడ్ మాయమవుతుంది. కాగితం మీద ఐదున్నర శాతం పదకొండవుతుంది, 17 కిలోల వ్యర్థం ఎనిమిదికి దిగుతుంది. క్రోమియం మాత్రం అలాగే ఉంటుంది. ఈ రెండు కొలతలూ బరువునే చూస్తాయి, కిలో ఉప్పునూ కిలో క్రోమియం లవణాన్నీ ఒకే తూకంలో వేస్తాయి. అందుకే ఆ మూడు కిలోల విషప్రభావాన్ని వేరే లెక్కలో చూడాలి.