తప్పు జరిగిన రోజు ఏం రాశారు?

2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒక ఇంజనీరు డేటాబేస్ ఫోల్డర్ చెరిపేశారు. కాపీ ఉండే సర్వర్‌లో ఉన్నాననుకున్నారు, ఉన్నది అసలు సర్వర్‌లో. ఒకటి రెండు సెకన్లలోనే గుర్తించి ఆపినా, సుమారు 300 గిగాబైట్ల డేటాలో నాలుగున్నరే మిగిలింది. సరే, బ్యాకప్ ఉంటుంది కదా అని వెతికితే అసలు కథ అప్పుడు మొదలైంది. రోజూ బ్యాకప్ తీయాల్సిన ప్రోగ్రాము పాత వెర్షన్‌ది కావడంతో చాలాకాలంగా విఫలమవుతోంది. విఫలమైనప్పుడల్లా హెచ్చరిక మెయిల్ వెళ్లాలి. వెళ్లింది కూడా, కానీ అవతలి మెయిల్ సర్వర్ దాన్ని తిప్పికొట్టింది. చివరికి, టెస్టింగ్ అవసరానికని ఒకరు ఆరు గంటల ముందు చేత్తో తీసిపెట్టిన కాపీ ఆదుకుంది. ఆ ఆరు గంటల్లో జనం చేర్చిన వివరాలు మాత్రం పోయాయి. సైటు మళ్లీ నిలబడడానికి సుమారు 18 గంటలు పట్టింది.

ఇవన్నీ మనకెలా తెలుసంటే, కంపెనీయే రాసుకుంది కాబట్టి. ఆ రాత్రి చేస్తున్న మరమ్మతు నోట్సును అందరికీ కనిపించేలా తెరిచి ఉంచారు, పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారం చేశారు, ఫిబ్రవరి 10న సమగ్ర నివేదిక బ్లాగులో పెట్టారు. ఈ తరహా నివేదికను ఇంజనీర్లు పోస్ట్‌మార్టమ్ అంటారు. ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని చేరాలా వద్దా అని తర్జనభర్జన పడేవాళ్లు ఆఫీసు ఫోటోలు, జీతం అంకె చూసినంత శ్రద్ధగా ఆ కంపెనీ పోస్ట్‌మార్టమ్‌లు చదవరు. నా లెక్కలో ముందు చదవాల్సింది అవే. విజయగాథ ఎవరైనా అందంగా రాస్తారు. చెయ్యి కాలిన రోజు సంగతి రాసేటప్పుడే లోపలి పద్ధతులు కనిపిస్తాయి.

గిట్‌ల్యాబ్ నివేదికలో చూడాల్సినవి మూడున్నాయి. మొదటిది, తప్పు చేసిన ఇంజనీరు పేరు అందులో లేదు, ‘టీమ్ మెంబర్-1’ అని మాత్రమే ఉంది. ఎవరు చేశారన్నది పక్కనపెట్టి, ఆ తప్పు అంత తేలిగ్గా ఎలా సాధ్యపడిందని వెతికారు. రెండోది, ఆ వెతుకులాట మధ్యలో ఆగలేదు. బ్యాకప్ ఎందుకు లేదు, లేదని ఎందుకు తెలియలేదు, ఎప్పటికప్పుడు ఎందుకు పరీక్షించలేదు అని అడుగుతూ పోయి, ఆ పని ఫలానా వాళ్లదని ఎవరికీ అప్పగించలేదు కాబట్టి, అన్న జవాబు దగ్గరికి చేరారు. సంస్థకు ఇబ్బంది కలిగించే జవాబది. మూడోది, ఇకపై చేయబోయే పనుల జాబితా. ఏ సర్వర్‌లో ఉన్నామో కంప్యూటర్ తెరమీద స్పష్టంగా కనిపించేలా మార్చడం, బ్యాకప్ నుంచి డేటా తిరిగి వస్తుందో లేదో యంత్రమే పరీక్షించేలా చేయడం వంటివి అందులో ఉన్నాయి. గిట్‌ల్యాబ్ పనుల చిట్టా చాలావరకు బహిరంగమే కనుక, వాటిలో ఏది పూర్తయింది, ఎప్పుడు పూర్తయింది అన్నది మనమే వెళ్లి చూసుకోవచ్చు.

ఇదే నివేదికను వ్యతిరేకంగానూ చదవొచ్చు. అంత పెద్ద కంపెనీలో బ్యాకప్ పరీక్షించే దిక్కు లేకపోవడమేమిటి అని ఎవరైనా వెనక్కి తగ్గితే తప్పుపట్టలేం. కాకపోతే ఏమీ రాయని కంపెనీలో బ్యాకప్ సక్రమంగా ఉందన్న భరోసా కూడా లేదు కదా.

మామూలు ఇంజనీరింగ్ బ్లాగులు వేరు. వాటిలో చాలా భాగం కొత్తవాళ్లను ఆకర్షించడానికి రాసేవే. ‘ఫలానా టెక్నాలజీకి మారాం, వేగం ఎన్నో రెట్లు పెరిగింది’ అన్న వ్యాసంలో మారకముందు ఎంత సమయం పట్టేదో, ఇంకే దారులు పరిశీలించి వద్దనుకున్నారో, మారడంవల్ల ఏం నష్టపోయారో లేకపోతే అది ప్రకటనే. రాసినవాళ్లు ఇంకా ఆ కంపెనీలో ఉన్నారో లేదో కూడా ఒకసారి చూడండి. అందరూ వెళ్లిపోయి, చివరి వ్యాసం మూడేళ్ల నాటిదైతే మీరు చదువుతున్నది పాత కంపెనీ గురించి.

ఓపెన్ సోర్స్ కోడ్ ఉంటే పని ఇంకా సులువు. చాలామంది ఎన్ని స్టార్లు వచ్చాయో చూస్తారు. స్టార్లు జనాదరణను చెబుతాయే గాని లోపలి పనితీరును చెప్పవు. కోడ్‌ను మీ కంప్యూటర్‌లోకి దించుకుని ఈ ఆదేశం ఇస్తే, గత ఏడాదిలో ఎవరు ఎన్ని మార్పులు చేశారో వరుసగా వస్తుంది:

```
git shortlog -sn --since="1 year ago" HEAD
```

దాదాపు అన్నీ ఒక్కరి పేరుతోనే ఉంటే ఆ ప్రాజెక్టు ఒకరి భుజాల మీద నడుస్తోందన్నమాట. ఇక్కడ తొందరపడొద్దు. కొన్ని కంపెనీలు లోపల పనిచేసుకుని, ఫలితాన్ని ఒక ప్రోగ్రాము ఖాతా ద్వారా బయటికి పంపుతాయి. అప్పుడు పేరు ఒక్కటే కనిపించినా వెనక పదిమంది ఉండొచ్చు.

అసలు గుట్టు తెలిసేది పూర్తయిన పుల్ రిక్వెస్టుల్లో. గిట్‌ల్యాబ్‌లో వీటినే మెర్జ్ రిక్వెస్టులంటారు. ఇంజనీరు తాను చేసిన మార్పును తోటివాళ్ల ముందు పెట్టే చోటు ఇది. ఓ పది తెరిచి చదవండి. రెండు వందల లైన్ల మార్పుకి రెండు నిమిషాల్లో ‘బాగుంది’ అని ఆమోదం పడిపోతుంటే ఎవరూ చదవడం లేదని అర్థం. ‘ఈ జాబితా ఖాళీగా వస్తే ఏమవుతుంది, దానికి టెస్ట్ రాయండి’ అని ఒకరు అడిగి, అవతలివాళ్లు రాసి చూపించి ఉంటే, మీరు చేరాక మీ కోడ్‌కూ అదే జరిగే అవకాశముంది. సీనియర్ జూనియర్‌తో ఏ ధోరణిలో మాట్లాడుతున్నారో, జూనియర్ ఎదురు చెప్పగలుగుతున్నారో లేదో కూడా అక్కడే తెలిసిపోతుంది. ఇంటర్వ్యూలో హెచ్‌ఆర్‌ని ఎంత అడిగినా ఈ సంగతి బయటికి రాదు.

సదస్సుల ప్రసంగాల్లో మంచి ఉదాహరణ మన దేశంలోదే. 2019 ప్రపంచకప్ సెమీఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకేసారి 2 కోట్ల 53 లక్షల మంది చూశారు. ఆ ఏడాదే అమెజాన్ రీఇన్వెంట్ సదస్సులో వాళ్ల ఇంజనీరు దీని గురించి మాట్లాడుతూ ఆ అంకె దగ్గరే ఆగిపోలేదు. ధోని అవుటవగానే జనం ఒక్కసారిగా జారుకున్నారు. భారం తగ్గిందని ఊపిరి పీల్చుకోవాల్సిన చోట అసలు ప్రమాదం ఉంది: లక్షలమంది ఒకేసారి వెనక్కి బటన్ నొక్కితే అందరూ హోమ్ పేజీ మీద పడతారు. మ్యాచ్ వీడియోకి మాత్రమే సిద్ధమైతే ఆ పేజీ కూలుతుంది. భారం పెరిగాక సర్వర్లను వాటంతటవే చేర్చే మామూలు పద్ధతిని నమ్ముకోలేదని, కొత్త సర్వర్ సిద్ధమయ్యేలోపు లక్షలమంది వచ్చేస్తారు కనుక ముందే దించి ఉంచుకున్నామని కూడా వివరించారు. పనిలో దిగి దెబ్బతిన్నవాళ్లకే ఇంత వివరం తెలుస్తుంది. కేవలం బాణాలూ డబ్బాలూ ఉన్న బొమ్మ చూపించి ముగించే ప్రసంగాల్లో చివరి ప్రశ్నోత్తరాలు వినండి. ‘మీ దగ్గర ఇది ఎప్పుడు ఫెయిలైంది’ అన్న ప్రశ్నకు వక్త ఎటు తప్పుకుంటారో చూడండి.

వీటన్నిటికీ ఒక హద్దుంది. బ్యాంకులకు, క్లయింట్ల కోసం పనిచేసే సర్వీస్ కంపెనీలకు బయట పెట్టే స్వేచ్ఛ ఉండదు; హైదరాబాద్ ఉద్యోగాల్లో ఇలాంటివి చాలా ఉన్నాయి. అక్కడ బ్లాగు లేకపోవడం లోపం కాదు. బ్లాగున్న పెద్ద కంపెనీలోనూ రాసిన టీమ్ ఒకటి, మిమ్మల్ని తీసుకునే టీమ్ మరొకటి కావచ్చు. అందుకే చదివినదాన్ని ఇంటర్వ్యూ చివర్లో ప్రశ్నగా మార్చుకోవాలి. ‘మీ టీమ్‌లో ఈమధ్య సిస్టమ్ పడిపోయినప్పుడు నివేదిక ఎవరు రాశారు? అందులో అనుకున్న పనుల్లో ఇంకా ఏది మిగిలిపోయింది?’ అని అడగండి. మిగిలిపోయిన పని ఇదీ, ఇందుకు ఆగింది అని టక్కున చెప్పేవాళ్లు ఉంటారు. ‘మా దగ్గర అలాంటివి జరగవండీ’ అనేవాళ్లూ ఉంటారు.