ఆట మారినా గురి తప్పకుండా

కౌంటర్-స్ట్రైక్ 2లో చెయ్యి కుదిరిన ఆటగాడు వాలరెంట్ మొదలుపెట్టి, సెన్సిటివిటీ దగ్గర పాత అంకె 1.2నే వేశాడనుకుందాం. మౌస్‌ని అలవాటుగా కదిపేసరికి గురి శత్రువుని దాటి ఎక్కడికో పోతుంది. ఎందుకంటే ఆ అంకెకు ఒక్కో ఆటలో ఒక్కో విలువ ఉంటుంది.

మౌస్ తన కదలికను చిన్న చిన్న కౌంట్లుగా కంప్యూటర్‌కు పంపుతుంది. అంగుళం జరిగితే ఎన్ని కౌంట్లు పంపుతుందో చెప్పేదే డీపీఐ. ఒక్కో కౌంట్‌కు చూపు ఎంత తిరగాలో ఆట నిర్ణయిస్తుంది. సెన్సిటివిటీ 1 ఉన్నప్పుడు కౌంటర్-స్ట్రైక్‌లో అది 0.022 డిగ్రీలు, వాలరెంట్‌లో 0.07 డిగ్రీలు. అంటే మూడింతల పైమాటే. కాబట్టి పాత అంకెను ఇలా మార్చుకోవాలి:

```
1.2 × 0.022 ÷ 0.07 = 0.377
```

డీపీఐ మారనంత వరకు ఈ లెక్క చాలు. డీపీఐని 800 నుంచి 1600కు పెంచితే మాత్రం సెన్సిటివిటీని సగం చేయాలి.

లెక్క సరిపోయిందో లేదో స్కేలుతో తేల్చుకోవచ్చు. కౌంటర్-స్ట్రైక్‌లో 1.2 దగ్గర ఒక పూర్తి చుట్టు తిరగడానికి సుమారు 13,636 కౌంట్లు కావాలి. 800 డీపీఐ మౌస్‌కు అది దాదాపు 43.3 సెంటీమీటర్లు. గోడ మీద ఒక గుర్తుకు గురిపెట్టి మౌస్‌ని అంత దూరం జరిపితే, గురి మళ్లీ అదే గుర్తు మీదికి రావాలి. రెండు ఆటల్లోనూ ఒకే కొద్ది తేడా కనిపిస్తే, మౌస్ అసలు డీపీఐ పెట్టె మీద రాసినదానికి కాస్త అటూఇటూగా ఉందని అర్థం. దానివల్ల మార్పిడి చెడదు.

ఇంకో పరీక్ష ఉంది. మౌస్‌ని నెమ్మదిగా కుడికి జరిపి, వేగంగా మొదటి చోటికే తెచ్చేయండి. గురి గుర్తు మీదికి రాకపోతే, చాలాసార్లు కారణం విండోస్‌లోని Enhance pointer precision. అది చేతి వేగాన్ని బట్టి కదలికను పెంచుతుంది, తగ్గిస్తుంది. రా ఇన్‌పుట్ వాడే ఆట విండోస్ సవరణల జోలికి పోకుండా మౌస్ కౌంట్లనే నేరుగా తీసుకుంటుంది. ఆ సదుపాయం లేని ఆటల కోసం విండోస్‌లో ఆ ఎంపికను ఆపేయాలి.

పోలింగ్ రేటుకు ఈ లెక్కలో చోటు లేదు. మౌస్ సెకనుకు ఎన్నిసార్లు కబురు పంపుతుందో అది చెబుతుంది. 125 హెర్ట్జ్ అయితే 8 మిల్లీసెకన్లకోసారి, 1000 అయితే ప్రతి మిల్లీసెకనుకూ. కదలిక నునుపుగా, త్వరగా అందుతుంది గానీ మొత్తం కౌంట్లు అవే. 8000కు పెంచితే ప్రాసెసర్ మీద భారం పడి, కొన్ని కంప్యూటర్లలో ఆట తడబడవచ్చు.

ఈ మార్పిడి మామూలు చూపుకే సరిపోతుంది. స్కోప్ పెట్టినప్పుడు ఒక్కో ఆట ఒక్కోలా జూమ్ చేస్తుంది కనుక, స్కోప్ సెన్సిటివిటీని విడిగా సరిచూసుకోవాలి.