ఇరవయ్యో మనిషి ఖర్చు

చిన్న పరిశ్రమ పెట్టేవాళ్లు చాలామంది మొదటి రెండేళ్ల జీతాలను తలకు ఇంత చొప్పున లెక్కేసి ఊరుకుంటారు. ఆ లెక్క తొమ్మిది మంది దాకానే నిలుస్తుంది. పదో మనిషి చేరితే ఈఎస్‌ఐ, ఇరవయ్యో మనిషి చేరితే పీఎఫ్ తప్పనిసరి అవుతాయి. అవి కొత్తగా వచ్చిన ఒక్కరికే కాదు, అర్హత ఉన్న పాతవాళ్లందరికీ కట్టాలి. అందుకే ఎవరిని ఏ నెలలో తీసుకుంటామో ముందే రాసుకోవాలి.

రాజమండ్రిలో చిరుధాన్యాల బిస్కెట్లు చేసే యూనిట్ ఒకటి ఉందనుకుందాం. అందరి జీతం నెలకు 15,000. మొదటి ఆరు నెలలు 8 మంది, తర్వాతి ఆరు నెలలు 12 మంది. రెండో ఏడు మొదటి సగంలో 16 మంది, చివరి సగంలో 20 మంది.

మొదటి ఏడాది జీతాలు 18 లక్షలు. ఈఎస్‌ఐకి యజమాని వాటా 3.25 శాతం కనుక, 12 మంది ఉన్న ఆరు నెలలకు 35,100 అవుతుంది. రెండో ఏడు జీతాలు 32,40,000. యజమాని వాటాలు మాత్రం ఒక్కసారిగా 3,39,300కు చేరతాయి. ఇందులో చివరి ఆరు నెలల పీఎఫే 2,34,000. పీఎఫ్‌లో యజమాని 12 శాతం కడతాడు. బీమా, నిర్వహణ ఛార్జీలు కలిపితే 13 శాతం.

ఇప్పుడు 19 మంది దగ్గర ఆగి చూడండి. ఇరవయ్యో మనిషిని తీసుకుంటే అతని జీతం, ఈఎస్‌ఐ, అందరి పీఎఫ్ కలిపి నెలకు 54,487 రూపాయలు పెరుగుతుంది. ఇరవై ఒకటో మనిషికి పెరిగేది 17,437 మాత్రమే. కాబట్టి 20 దాటక తప్పదనుకుంటే, ఆర్డర్లు ఖాయమయ్యాక ఇద్దరు ముగ్గురిని ఒకే నెలలో తీసుకోవడం మేలు. మళ్లీ 19కి తగ్గినా పీఎఫ్ ఆగదు. కాంట్రాక్టర్ ద్వారా వచ్చినవాళ్లూ లెక్కలోకి వస్తారు.

కార్మికుల వైపూ చూడాలి. పీఎఫ్ మొదలైన నెల వాళ్ల జీతంలో 12 శాతం, అంటే 1,800 కోత పడుతుంది. అంతవరకు ఈఎస్‌ఐ పోను 14,887 అందుకున్నవాళ్ల చేతికి 13,087 వస్తుంది. ఈ మాట చేరే రోజే చెప్పి, నియామక పత్రంలో రాయాలి. చెప్పకపోతే ఆ నెల గొడవ తప్పదు, మంచి పనివాళ్లు వెళ్లిపోతారు.

కొందరు ఇరవయ్యో మనిషిని హాజరు పట్టీలో ఎక్కించరు. ఇది పనివాళ్లకు అన్యాయం, యజమానికీ ప్రమాదమే. తనిఖీలో బయటపడితే పాత నెలల బాకీకి 12 శాతం వడ్డీ, పైన జరిమానా పడతాయి. కోయకుండా వదిలేసిన కార్మికుల వాటాను తర్వాతి జీతాల్లోంచి రాబట్టుకోవడం కుదరదు. అప్పుడు 13 శాతం కాస్తా 25 శాతమై యజమాని మీదే పడుతుంది.

ఈ వాటాలు మరుసటి నెల 15వ తేదీలోగా కట్టాలి. కాబట్టి నగదు ప్రణాళికలో జీతాల రోజుతో పాటు ఆ తేదీకీ విడిగా ఒక గడి ఉండాలి.