నాన్న తినే ఓట్స్ బిస్కెట్ ప్యాకెట్ వెనక ఏం రాసుంది?

మా నాన్నకి షుగర్ ఉంది. అందుకే మామూలు బిస్కెట్లు మానేసి, సాయంత్రం టీతో పాటు ఓట్స్ బిస్కెట్లు తింటున్నారు. "ఇవి షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చురా" అంటారు. మొన్న ఇంటికెళ్లినప్పుడు ఆ ప్యాకెట్ తీసి చూశాను. ఇదిగో, ఇదే. బ్రాండ్ పేరు మీద టేప్ వేశాను, ఎందుకంటే ఇది ఒక్క కంపెనీ గొడవ కాదు.

ముందు వైపు పెద్ద అక్షరాల్లో ఓట్స్ అని ఉంది, పక్కన ఓట్స్ కంకి బొమ్మ. దాన్ని వదిలేసి వెనక్కి తిప్పుదాం. అక్షరాలు మరీ చిన్నగా ఉంటే ఫోన్‌తో ఫోటో తీసి జూమ్ చేయండి, నేనూ అదే చేశాను.

ఇంగ్రీడియంట్స్ అని రాసిన చోట చూడండి. మన దేశంలో ఎఫ్ఎస్ఎస్ఏఐ రూల్ ప్రకారం, తయారుచేసేటప్పుడు ఏది ఎక్కువ బరువు వేశారో దాని పేరే ముందు రాయాలి. ఆ తర్వాత అంతకంటే తక్కువది, అలా కిందికి. ఈ ప్యాకెట్లో వరస ఇలా ఉంది: మైదా 52 శాతం, చక్కెర, పామాయిల్, ఓట్స్ 9 శాతం, ఇన్వర్ట్ షుగర్ సిరప్, తర్వాత ఉప్పు, సోడా లాంటివి. ప్యాకెట్ మీద దేన్ని గొప్పగా చూపిస్తారో దాని శాతం చెప్పాలి కాబట్టి ఓట్స్ పక్కన 9 వచ్చింది. చక్కెర పక్కన శాతం లేదు. కానీ అది ఓట్స్ కంటే ముందుంది కదా, అంటే 9 శాతానికి తగ్గదు. పామాయిల్ కూడా అంతే. పేరుకి ఓట్స్ బిస్కెట్, నిజానికి ఇది మైదా బిస్కెట్!

ఇంకో సంగతి. ఇన్వర్ట్ సిరప్ కూడా చక్కెరే, ద్రవ రూపంలో. లిక్విడ్ గ్లూకోజ్, డెక్స్‌ట్రోజ్, కార్న్ సిరప్ ఇవన్నీ అదే కుటుంబం. తీపిని రెండు మూడు పేర్లకి పంచితే ఒక్కో పేరు లిస్టులో కిందికి జారిపోతుంది. అందుకే వరస ఒక్కటే చూస్తే చాలదు, పక్కనున్న పట్టికలో యాడెడ్ షుగర్స్ అనే గీత చూడాలి. టోటల్ షుగర్స్ అంటే పాలల్లో, పండ్లల్లో సహజంగా ఉండే తీపితో కలిపి మొత్తం. యాడెడ్ అంటే పైనుంచి వేసింది.

ఇక్కడ 100 గ్రాములకి యాడెడ్ షుగర్ 24 గ్రాములు. దాదాపు పావు వంతు! కానీ ఒక సర్వింగ్‌కి చూస్తే రోజు లెక్కలో 10 శాతమే అని రాశారు. అబ్బే, ఇంతేనా అనిపిస్తుంది. సర్వింగ్ అంటే ఎంతో చూడండి: 20 గ్రాములు, అంటే రెండు బిస్కెట్లు. ఆ సైజు పెట్టింది కంపెనీయే. నాన్నని అడిగితే "రెండో మూడో తింటానులే" అన్నారు. అమ్మ లోపలి నుంచి "ఐదు" అంది.

సరే, ఐదే అనుకుందాం. 50 గ్రాములు. అందులో యాడెడ్ షుగర్ 12 గ్రాములు, అంటే సుమారు మూడు టీ స్పూన్లు. టీలో వేసుకునేది వేరే. లేబుల్ మీద శాతాన్ని రోజుకి 50 గ్రాముల యాడెడ్ షుగర్ అనే లెక్కతో వేస్తారు. అది 2000 కేలరీలు తినే ఆరోగ్యవంతుడికి పై హద్దు, నాన్న లాంటి వాళ్ల కోసం వేసింది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే 25 గ్రాముల లోపు ఉంచుకుంటే ఇంకా మేలంటుంది. ఆ లెక్కన ఐదు బిస్కెట్లతోనే సగం అయిపోయినట్టు.

షుగర్ ఉన్నవాళ్లు ఇంకో గీత కూడా చూడాలి, కార్బోహైడ్రేట్. ఈ ప్యాకెట్లో 100 గ్రాములకి 68. ఐదు బిస్కెట్లకి 34 గ్రాములు. మైదా చక్కెర లెక్కలోకి రాదు, కానీ కడుపులోకి వెళ్లాక గ్లూకోజే అవుతుంది. మాల్టోడెక్స్‌ట్రిన్ కూడా అంతే. అందుకే షుగర్ ఫ్రీ అని రాసిన బిస్కెట్ తిన్నా రీడింగ్ పెరగొచ్చు.

రెండు ప్యాకెట్లు పోల్చాలంటే సర్వింగ్ గడి వద్దు. ఒకరు 20 గ్రాములు రాస్తారు, ఇంకొకరు 30 రాస్తారు. 100 గ్రాముల గడులు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, అప్పుడే సరైన పోలిక.

ఇదంతా చెబితే నాన్న ఏమీ అనలేదు. నిన్న షాపులోంచి ఒక ఫోటో పంపారు, ఈసారి రాగి బిస్కెట్లు. కింద వాయిస్ మెసేజ్: "రాగులు ఐదో పేరురా, ఆరు శాతమట. వద్దులే, వేయించిన శనగలు కొనుక్కుని వస్తున్నా."