ఇర్వింగ్ నుంచి ఒక మెసేజ్

మావారి ఉద్యోగం మూలంగా ఈ మధ్యే డాలస్ వచ్చాను. ఎం.కాం. చదివాను. ఏదైనా జాబ్ ఉంటే దయచేసి చెప్పగలరు.

విజయవాడ నుంచి డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌కు వెళ్లిన మా బంధువుల అమ్మాయి అక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో మొదట పెట్టిన మెసేజ్ ఇది. నాలుగు దండాల బొమ్మలు వచ్చాయి. ఒకాయన "రెజ్యూమె పంపండమ్మా" అన్నారు, తరవాత పలకలేదు. ఒక కన్సల్టెన్సీ మాత్రం వెంటనే ఫోన్ చేసింది. డబ్బు కడితే ట్రైనింగ్ ఇచ్చి, రెజ్యూమెలో ఐదేళ్ల ఐటీ అనుభవం వాళ్లే రాస్తారట. తను ఒప్పుకోలేదు, మంచి పని చేసింది. కంపెనీలు పాత ఉద్యోగాల గురించి విచారిస్తాయి. అక్కడ అబద్ధం బయటపడితే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు, రేపు వీసా దగ్గరా చిక్కు వస్తుంది.

గ్రూపులో వాళ్లకు సాయం చేయాలని లేక కాదు. ఆ మెసేజ్ చూసి ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. ఈమెకు పనిచేసే అనుమతి ఉందా? ఏ పని వచ్చు? నేనేం చేసిపెట్టాలి? ఈ మూడింటికీ అందులో జవాబు లేదు.

మొదటిదే అసలు ప్రశ్న. భర్త ఎల్-1 మీద వస్తే భార్యకు ఎల్-2 వస్తుంది. 2022 జనవరి చివరి నుంచి అలాంటి భార్య లేదా భర్త ఐ-94 మీద L-2S అని రాస్తున్నారు. ఆ కాగితం చెల్లినన్నాళ్లూ ఈఏడీ కార్డు కోసం ఎదురుచూడకుండానే ఉద్యోగం చేయొచ్చు. హెచ్-4 సంగతి వేరు. 2015 నుంచి కొందరికి ఈఏడీ ఇస్తున్నారు గానీ, సాధారణంగా హెచ్-1బీ మీదున్న భర్తకో భార్యకో ఐ-140 మంజూరై ఉండాలి, లేదా ఆరేళ్లు దాటాక ప్రత్యేక నిబంధన కింద పొడిగింపు వచ్చి ఉండాలి. కార్డు చేతికొచ్చేదాకా జీతం పని చేయకూడదు. "మా పాపను రోజూ నాలుగు గంటలు చూసుకోండి, క్యాష్ ఇస్తాం" అని ఆప్యాయంగా అడిగినా అది ఉద్యోగం కిందికే వస్తుంది. హెచ్-4లో ఉన్నవాళ్లు ఆ మాట దగ్గర ఆగాలి.

ఈ అమ్మాయిది ఎల్-2. ఇద్దరం ఫోన్లో కూర్చుని మళ్లీ రాశాం:

"నమస్కారం. మార్చి నుంచి ఇర్వింగ్‌లో ఉంటున్నాను. నా ఐ-94 మీద L-2S ఉంది, పనిచేసే అనుమతి ఉన్నట్టే. విజయవాడలో మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర 6 ఏళ్లు అకౌంట్స్ చూశాను. నెలకు దాదాపు 400 బిల్లులు సరిచూసి చెల్లింపులకు పంపేదాన్ని. టాలీ, ఎక్సెల్ బాగా వచ్చు. అకౌంట్స్ పేయబుల్ ఉద్యోగం వెతుకుతున్నాను. ఇక్కడ ఆ పని చేస్తున్నవారు ఎవరైనా పావుగంట ఫోన్లో మాట్లాడగలరా? రెజ్యూమె విడిగా పంపిస్తాను."

ఉద్యోగం ఇప్పించడం చాలామంది చేతిలో ఉండదు. పావుగంట మాట్లాడటం అందరి చేతిలోనూ ఉంటుంది. ఈసారి ఒకావిడ ఫోన్ చేశారు. మన జీఎస్టీ స్థానంలో అక్కడ సేల్స్ ట్యాక్స్ ఉంటుందని, చిన్న కంపెనీల్లో టాలీ బదులు క్విక్‌బుక్స్ ఎక్కువ కనిపిస్తుందని చెప్పారు. రెజ్యూమెలో ఫొటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు తీసేయమన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు: "నన్ను రిఫర్ చేయండి అని ఊరికే అడగకమ్మా. మా కంపెనీ సైట్‌లో నీకు సరిపోయే ఉద్యోగం చూసి దాని జాబ్ ఐడీ పంపు. సిస్టమ్‌లో అది కొడితేనే నీ పేరు ఎక్కించగలను." రిఫరల్ అంటే సిఫారసు ఉత్తరం కాదని తనకు అప్పుడే తెలిసింది. రిఫరల్‌తో రెజ్యూమె ఒక మనిషి కంట పడే అవకాశం పెరుగుతుంది, అంతవరకే. ఇంటర్వ్యూ తనే నెగ్గాలి.

ఆవిడే డ్రైవింగ్ లైసెన్స్ సంగతీ గుర్తుచేశారు. ఉద్యోగంలో చేరేటప్పుడు ఐ-9 అనే ఫారం నింపాలి. చేరాక మూడు పనిదినాల్లోపు యజమాని అసలు కాగితాలు చూడాలి. L-2S ఉన్న ఐ-94 పని అనుమతికి రుజువు. మనిషెవరో తేల్చడానికి దానికి తోడు గుర్తింపు కాగితం వేరే కావాలి, టెక్సస్ లైసెన్సో స్టేట్ ఐడీయో అందుకు సరిపోతుంది. ఈ కాగితాలేవీ గ్రూపులో పెట్టొద్దని, అడిగినవాళ్లకల్లా పంపొద్దని గట్టిగా చెప్పారట.

మొదటి జాబ్ ఐడీకి పిలుపు రాలేదు. ఆ సంగతి కూడా ఆవిడకు మెసేజ్ పెట్టింది. మర్నాడు ఆవిడ తన పాత ఆఫీసులో పనిచేసే స్నేహితురాలి నంబరు పంపారు.