సీనియర్‌కు జూనియర్‌ను జత చేసేటప్పుడు

మూడు వందల మంది పనిచేసే ఒక మందుల తయారీ కంపెనీని ఊహించుకుందాం. పాతికేళ్లుగా ప్లాంటును నడిపిస్తున్నవాళ్లు రిటైర్మెంటుకు దగ్గరపడ్డారు. కొత్తగా చేరిన కెమిస్టులేమో పని పూర్తిగా ఒంటబట్టకముందే వేరే కంపెనీకి వెళ్లిపోతున్నారు. దాంతో యాజమాన్యం మెంటరింగ్ మొదలుపెడదామంటుంది. హెచ్ఆర్ వాళ్లు ఒక పక్క సీనియర్ల పేర్లు, ఇంకో పక్క జూనియర్ల పేర్లు రాసి, సర్వీసు చూసి జతలు కలిపేస్తారు. చాలాచోట్ల పథకం దెబ్బతినేది ఇక్కడే.

ఈ రంగంలో తొలి పరిశోధకుల్లో ఒకరైన అమెరికన్ ఆచార్యురాలు క్యాథీ క్రామ్, 1985లో వచ్చిన తన పుస్తకంలో మెంటర్ చేసే పనిని రెండు భాగాలుగా చూపించారు. ఒకటి ఉద్యోగంలో ఎదగడానికి దారి చూపడం, రెండోది మనసులోని భయాలూ సందేహాలూ చెప్పుకునే చోటు ఇవ్వడం. మొదటిది పై అధికారి కూడా చేయగలడు. రెండోది అతనివల్ల కావడం కష్టం, ఎందుకంటే ఏడాది చివర అప్రైజల్ రాసేది అతనే. ‘ఈ పని నాకు రావడం లేదు’ అని ఆయన దగ్గర ఎవరు ఒప్పుకుంటారు? అందుకే మెంటర్ జూనియర్‌కు నేరుగా పైన ఉన్నవాడు కాకూడదు. వేరే డిపార్టుమెంటు అయితే మరీ మంచిది.

మన కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో పనిచేసే ఒక అమ్మాయి సంగతి చూద్దాం. చేరి రెండేళ్లయింది. పరికరాల మీద చెయ్యి తిరిగింది. కానీ ఆడిటర్ వచ్చి ప్రశ్న అడిగితే, తెలిసిన జవాబు కూడా నోటికి రాదు. ‘నీకు ఏ విషయంలో తోడు కావాలి?’ అని ముందే అడిగితేనే ఈ సంగతి బయటపడుతుంది. అప్పుడు ఆమెకు కావలసింది ల్యాబులో అందరికంటే సీనియర్ కాదు, ఎన్నో ఆడిట్లు ఎదుర్కొన్న ప్రొడక్షన్ మేనేజర్ అని అర్థమవుతుంది. ఆయనకూ ఇష్టం ఉండాలి. బలవంతంగా అంటగడితే ఆ గంట ఇద్దరికీ భారమే.

ఆరు నెలల గడువు, పదిహేను రోజులకోసారి గంటసేపు మాటలు, మొదటి విడతకు పదీ పన్నెండు జతలు. ఇంతకంటే ఎక్కువైతే ఒక్క సమన్వయకర్త చూసుకోలేరు. ఆ గంట ఎప్పుడు, ఎక్కడ అన్నది ఆ అమ్మాయినే అడగాలి. షిఫ్టు అయిపోయాక ఉండమంటే కంపెనీ బస్సు వెళ్లిపోతుంది. మూసిన క్యాబిన్‌లో కూర్చోవడం ఇబ్బందనిపించవచ్చు. డ్యూటీ వేళల్లో, అద్దాల మీటింగు గదిలో అయితే ఆ చిక్కులుండవు. ల్యాబు మేనేజర్‌కు ముందే చెప్పి ఆ సమయానికి ఒప్పుకోలు తీసుకోవాలి. లేకపోతే ప్రతిసారీ అర్జెంటు శాంపిల్ ఒకటి అడ్డొస్తుంది. అక్కడ మాట్లాడుకున్నది అప్రైజల్ దాకా పోదని యాజమాన్యం రాతపూర్వకంగా చెప్పాలి. భద్రతకు, వేధింపులకు సంబంధించిన విషయాలను మాత్రం దాచిపెట్టలేమనీ అందులోనే రాయాలి.

మొదటిసారి కలిసినప్పుడు మేనేజర్ సలహాలివ్వకుండా, కిందటి ఆడిట్‌లో ఏం జరిగిందో ఆమెనే చెప్పమంటాడు. రెండోసారి తనే ఆడిటర్‌లా కూర్చుని ప్రశ్నలడుగుతాడు. తర్వాత, ల్యాబు మేనేజర్‌తో మాట్లాడి, ఇంటర్నల్ ఆడిట్‌లో ఆమెను పక్కన కూర్చుని గమనించనిస్తారు. ఆపై జరిగే ఆడిట్‌లో ఒక్క రికార్డు గురించి ఆమే జవాబిస్తుంది.

అన్ని జతలూ ఇలా సాగవు. ఎక్కువగా కనిపించే జబ్బు, సీనియర్ గంటంతా తన అనుభవాలే చెప్పడం, జూనియర్ ‘సరే సార్’ అంటూ తలూపడం. బయటి నుంచి చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. అందుకే ఆరో వారంలో సమన్వయకర్త ఇద్దరినీ విడివిడిగా పలకరించాలి. ఏం మాట్లాడుకున్నారని అడగకూడదు. ‘వచ్చేసారి ఆయన్ని ఏం అడగాలనుకుంటున్నావు?’ అని జూనియర్‌ను అడిగితే చాలు. ఆ ప్రశ్నకు జవాబు తడుముకుంటుంటే, ఆ గంట ఆమెది కాలేదన్నమాట. వరుసగా రెండు మీటింగులు వాయిదా పడటం ఇంకో గుర్తు.

అలాంటప్పుడు తప్పెవరిదని విచారించకుండా జత మార్చేయాలి. అలా మార్చుకోవచ్చని మొదటిరోజే చెప్పి ఉంచాలి. 2000లో రాగిన్స్, కాటన్, మిల్లర్ అనే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, మెంటర్‌తో బంధం తృప్తినివ్వని ఉద్యోగులు, అసలు మెంటరే లేనివాళ్లకంటే ఉద్యోగం పట్ల మెరుగైన భావంతో లేరని తేలింది. ఎన్ని జతలు కుదిర్చామన్న లెక్కతో తృప్తిపడే కంపెనీలు ఈ సంగతి గమనించాలి.

జీతం తక్కువని, ప్రమోషన్ రాలేదని వెళ్లిపోయేవాళ్లను మెంటర్ ఆపలేడు. అది ఆయన చేతిలో లేదు, ఆ ఆశ కల్పించనూకూడదు. ఆరో నెల చివర ఇద్దరూ కూర్చుని, మొదట అనుకున్నదాంట్లో ఏది అయింది, ఏది మిగిలింది అని చూసుకుని పథకం వరకు ముగించాలి. తర్వాత కూడా ఆమె ఏదైనా అడగాలనుకుంటే ప్రొడక్షన్ బ్లాకు ఎక్కడుందో ఆమెకు తెలుసు.